విదేశీ అతిథులకు వెల్‌కమ్ మెసేజ్: ఒకటి కాదు, మూడు పంపండి

ప్రశ్న: "మేం ఉండే ఇంట్లోనే రెండు గదులు హోమ్‌స్టేగా ఇస్తున్నాం. వచ్చే నెల మొదటిసారి విదేశీయులు వస్తున్నారు. ఇంటి రూల్స్, వైఫై, చెకౌట్ అన్నీ కలిపి ఒక వెల్‌కమ్ మెసేజ్ రాసి పెట్టుకోవాలనుకుంటున్నాను. ఎంత రాయాలి, ఎలా రాయాలి? నా ఇంగ్లీష్ అంతంత మాత్రమే, అదొక టెన్షన్."

అన్నీ కలిపి ఒకే మెసేజ్ రాయకండి. మూడుగా విడగొట్టండి. వాళ్లు బయలుదేరే ముందు రోజు ఒకటి, అందులో ఇల్లు చేరడానికి కావలసినవి మాత్రమే. గదిలో దిగి కాస్త స్థిమితపడ్డాక రెండోది, అందులో రూల్స్. వెళ్లిపోయే ముందు రోజు సాయంత్రం మూడోది, అందులో చెకౌట్. వైఫై పాస్‌వర్డ్ మాత్రం మెసేజ్‌ మీద వదిలేయకుండా గదిలో కాగితం మీద ఉండాలి. ఇంగ్లీష్ గురించి బెంగ వద్దు. మీకు వచ్చే చిన్న చిన్న వాక్యాలే ఇక్కడ మేలు, ఎందుకో కింద చెప్తాను.

నేను మొదట్లో మీలాగే ఒకటే మెసేజ్ తయారు చేసుకున్నాను. ఫోన్‌లో ఐదారు సార్లు పైకి జరిపితే గానీ అయిపోయేది కాదు. స్వాగతం, మా కుటుంబం, తర్వాత ఇరవై రెండు రూల్స్, ఎక్కడో అడుగున వైఫై, ఆ కింద చెకౌట్. అంతా ఓపిగ్గా చదివిన ఒకాయన మెట్ల దగ్గర నిలబడి "కుర్చీలో కూర్చోవచ్చా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ నాకు గట్టిగానే తగిలింది. చదవని వాళ్లయితే రాత్రి పదకొండుకు తలుపు తట్టి పాస్‌వర్డ్ అడిగేవాళ్లు. రాసింది తప్పని కాదు. ఏ సంగతి ఎప్పుడు కావాలో ఆ సమయానికి అది కళ్ల ముందు లేకపోవడమే అసలు ఇబ్బంది.

వైఫై: మెసేజ్ తెరవడానికే వైఫై కావాలి

విదేశాల నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి దిగిన రోజున మన సిమ్ ఉండదు. రోమింగ్ ఖరీదని డేటా ఆపేసి వస్తారు. మీరు పాస్‌వర్డ్‌ను ఎంత చక్కగా రాసి పంపినా, అది వాళ్ల ఫోన్‌లోకి రావాలంటే ముందు నెట్ ఉండాలి. గుమ్మంలో నిలబడి ఫోన్‌ను పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటుంటే, మీరు ఫొటోగా పంపిన పాస్‌వర్డ్ గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే మొదటి మెసేజ్‌లో ఒక మాట తప్పకుండా పెట్టండి: "బయలుదేరే ముందు దీన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి." ఇంటికి చేరాక చూసుకోవడానికి గదిలో టేబుల్ మీద కార్డు పెట్టండి.

ఆ కార్డు మీద క్యూఆర్ కోడ్ ఉంటే సగం పని అయిపోయినట్టే. ఫోన్ కెమెరా దాని మీద పెడితే చాలు, కనెక్ట్ అవుతుంది. ఏదైనా క్యూఆర్ తయారు చేసే యాప్‌లో ఈ వరుస ఇవ్వండి:

```
WIFI:T:WPA;S:Veranda_Guest;P:kolanu7429;;
```

`S:` తర్వాత నెట్‌వర్క్ పేరు, `P:` తర్వాత పాస్‌వర్డ్. చివర రెండు సెమికోలన్లు మరచిపోవద్దు. పాస్‌వర్డ్‌లో సెమికోలన్, కామా, కోలన్ లాంటివి ఉంటే వాటి ముందు `\` పెట్టాలి, లేదంటే కోడ్ స్కాన్ అవుతుంది గానీ వైఫై మాత్రం కనెక్ట్ కాదు. అసలు అలాంటి గుర్తులే లేని పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ప్రింట్ తీశాక మీ ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ను "ఫర్గెట్" చేసి, కాగితం మీది కోడ్‌తో మళ్లీ కనెక్ట్ అయి చూడండి. ముందే కనెక్ట్ అయి ఉన్న ఫోన్‌తో పరీక్షిస్తే తప్పు బయటపడదు.

క్యూఆర్ ఉన్నా కింద పాస్‌వర్డ్‌ను పెద్ద అక్షరాల్లో రాయాలి, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు అదే దిక్కు. సున్నా, పెద్ద `O` ఒకలాగే కనిపిస్తాయి. చిన్న `l`, పెద్ద `I`, అంకె `1` కూడా అంతే. రౌటర్‌తో పాటు వచ్చే పాస్‌వర్డ్‌లలో ఇవి కలగలిసి ఉంటాయి. మా ఇంట్లో ఒక జంట పాపం నలభై నిమిషాలు పాటుపడ్డారు, తీరా చూస్తే వాళ్లు కొడుతున్న సున్నా నిజానికి `O`. ఆ రాత్రే మార్చేశాను. చిన్న అక్షరాలు, ఆపైన నాలుగు అంకెలు ఉంటే చాలు. ఎనిమిది అక్షరాలకు తగ్గితే రౌటరే ఒప్పుకోదు.

ఇంకో సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. బుకింగ్ యాప్‌లు మెసేజ్‌ను అతిథి భాషలోకి వాటంతటవే అనువాదం చేసి చూపిస్తుంటాయి. ఒకప్పుడు మా పాస్‌వర్డ్ రెండు మామూలు ఇంగ్లీష్ మాటలు. అతిథి ఫోన్‌లో అది కూడా అనువాదమైపోయింది! ఆయన తన భాషలో కనిపించిందే కొడుతున్నాడు, ఇటు నేను "సరిగ్గా కొట్టండి" అని నేర్పుతున్నాను. అప్పటి నుంచి తెలుగు మాటను ఇంగ్లీష్ అక్షరాల్లో పెడుతున్నాను. పైన రాసిన `kolanu7429` లాంటిది. ఏ అనువాద యాప్‌కూ అది మాటలా కనపడదు, మనకు గుర్తుంటుంది, వాళ్లకు కొట్టడం తేలిక.

అతిథులకు విడిగా గెస్ట్ నెట్‌వర్క్ పెట్టండి. ఇప్పటి రౌటర్లలో చాలావాటిలో ఆ సెట్టింగ్ ఉంటుంది. మీ కంప్యూటర్లు, ప్రింటర్, కెమెరాలు ఉన్న నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఇవ్వకుండానే పని జరుగుతుంది, నెలకోసారి మార్చినా ఇంట్లో వాళ్ల ఫోన్లన్నీ మళ్లీ కనెక్ట్ చేసుకునే పని పడదు. దీనికి ఒక లోటుంది. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న ఫోన్ నుంచి హాల్లో టీవీ మీదకు వీడియో వేయాలంటే చాలాసార్లు కుదరదు, ఎందుకంటే ఆ నెట్‌వర్క్ పరికరాలను ఒకదానికొకటి కనపడనివ్వదు. గదిలో టీవీ ఉంటే దాన్నీ గెస్ట్ నెట్‌వర్క్‌లోకే మార్చి చూడండి. అయినా కుదరకపోతే "టీవీకి ఫోన్ కనెక్ట్ కాదు" అని కార్డు మీదే రాసేయండి. ముందే చెబితే ఎవరూ ఫిర్యాదు చేయరు.

వేగం గురించి గొప్పలు రాయవద్దు. ఆ గదిలో, తలుపు వేసి, మంచం మీద కూర్చుని ఒకసారి కొలవండి. వీడియో కాల్ ఆగకుండా నడుస్తోందా లేదా అన్నదే వాళ్లకు కావాలి. నడవకపోతే, ఎక్కడ కూర్చుంటే నడుస్తుందో రాయండి. "ఆఫీసు కాల్స్ ఉంటే వరండాలో టేబుల్ దగ్గర సిగ్నల్ బాగుంటుంది" అన్న ఒక్క వాక్యంతో నాకు ఎన్ని చికాకులు తగ్గాయో.

మొదటి మెసేజ్: తేదీ, అంతస్తు, తలుపు

చేరుకునే దారి, లొకేషన్ లింక్ అందరూ పంపుతారు. తప్పులు జరిగేది వేరే చోట.

ఒకటి తేదీ. 04/05 అంటే కొందరికి మే 4, కొందరికి ఏప్రిల్ 5. నెలను పేరుతో రాయండి, గంటలను 24 గంటల లెక్కలో రాయండి. 14:00 అంటే ఎవరికీ అనుమానం రాదు.

రెండోది అర్ధరాత్రి దాటి దిగే విమానం. ఇది మాత్రం నిదానంగా చూడండి, ఎందుకంటే ఏటా ఒకరిద్దరైనా ఇందులో పడతారు. ఒకాయన టికెట్‌లో 12వ తేదీ 01:30కి దిగుతున్నట్టు ఉంది. 12వ తేదీ కదా అని గది 12 నుంచి బుక్ చేశాడు. మా చెకిన్ 14:00. ఆయన మా గుమ్మంలోకి వచ్చింది తెల్లవారుజామున మూడింటికి, అంటే పదకొండు గంటల ముందు. గదిలో అంతకుముందు వచ్చినవాళ్లు నిద్రపోతున్నారు. ఆయనకు కావలసింది 11వ తేదీ రాత్రి. ఆ రోజు హాల్లో సోఫా మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాం, ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు బుకింగ్ రాగానే విమానం దిగే టైమ్ అడుగుతాను. అర్ధరాత్రి నుంచి తెల్లవారు ఐదింటి మధ్య దిగుతున్నారంటే, ముందు రాత్రి కూడా బుక్ చేసుకోవాలేమో చూసుకోమని అప్పుడే చెప్తాను.

మూడోది అంతస్తు. మనం ఫస్ట్ ఫ్లోర్ అంటే మెట్లెక్కాక వచ్చేది. అమెరికా వాళ్లకు ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల మీద ఉన్నదే. ఒకామె పెద్ద సూట్‌కేసుతో నేరుగా మా వంటింటి తలుపు దగ్గరకు వచ్చి తాళం చెవి తిప్పుతూ నిలబడింది. అందుకే అంతస్తు నంబరు రాయను. "గేటు లోపల ఎడమవైపు మెట్లు ఎక్కండి. పైన నీలం తలుపు మీది." ఇలా కంటికి కనపడేది రాయండి, తలుపు ఫొటో ఒకటి జత చేయండి.

మనం వాడే కొన్ని ఇంగ్లీష్ మాటలు అక్కడి వాళ్లకు వేరేగా వినిపిస్తాయని కూడా గుర్తుంచుకోండి. బాత్రూంలో గీజర్ ఉందంటే అమెరికన్లకు నేలలోంచి చిమ్మే వేడినీటి బుగ్గ గుర్తొస్తుంది. వాటర్ హీటర్ అనండి. "కరెంట్ పోతుంది" అన్నచోట ఎలక్ట్రిసిటీ అనండి. ఒక వాక్యంలో ఒకే సంగతి, సామెతలూ చమత్కారాలూ లేకుండా రాయండి. మీ మెసేజ్‌ను చాలామంది అనువాద యాప్‌లోనే చదువుతారు, చిన్న వాక్యం అందులో చెడకుండా వస్తుంది. పంపే ముందు మీరే దాన్ని వేరే భాషలోకి మార్చి, మళ్లీ తెలుగులోకి తెచ్చి చదవండి. అర్థం ఎక్కడ మారిపోయిందో అక్కడ వాక్యం తిరగరాయండి.

రూల్స్: ఐదు దాటనివ్వకండి

డబ్బు కట్టాక కొత్త రూల్ చెప్పడం గొడవకు దారి. సిగరెట్, పెంపుడు జంతువులు, ఎంతమంది ఉండవచ్చు, బయటివాళ్లను తీసుకురావచ్చా, ఇవన్నీ బుకింగ్‌కు ముందే పేజీలో ఉండాలి. ఇంటి బయట కెమెరా ఉంటే అది కూడా అక్కడే చెప్పాలి. లోపల కెమెరా సంగతి అసలు తలపెట్టవద్దు, ఎయిర్‌బీఎన్‌బీ అయితే 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలను పూర్తిగా నిషేధించింది. విదేశీయుల వివరాలు నమోదు చేయాల్సిన నిబంధన మీకు వర్తిస్తే, పాస్‌పోర్ట్‌లో ఏ పేజీలు కావాలో, ఎందుకు కావాలో కూడా ముందే చెప్పండి. ఉన్నట్టుండి "పాస్‌పోర్ట్ ఫొటో పంపండి" అని మెసేజ్ వస్తే మోసమేమో అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు.

వచ్చాక పంపే మెసేజ్‌లో, చెప్పకపోతే వాళ్లు ఊహించలేనివి మాత్రమే ఉండాలి. హోటల్‌కూ మనకూ తేడా ఏమిటంటే మనం అదే ఇంట్లో ఉంటాం. కాబట్టి ఏ తలుపులు వాళ్లవి, ఏవి మనవి, వంటగది ఎప్పుడు వాడుకోవచ్చు, రాత్రి గేటు సంగతేమిటి, ఇవే ముఖ్యం. మొహమాటానికి పోయి "దయచేసి మరీ ఆలస్యంగా రాకండి" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఒకరికి ఆలస్యం అంటే తొమ్మిది, ఇంకొకరికి తెల్లవారుజామున రెండు. గంట చెప్పండి, కారణం చెప్పండి, అది దాటితే ఏం చేయాలో చెప్పండి. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది, మీరు ఇంగ్లీష్‌లో పెట్టుకోండి:

> మీరు క్షేమంగా చేరినందుకు సంతోషం. వైఫై కార్డు టేబుల్ మీద ఉంది.
>
> మీ గది, బాత్రూం, వరండా మీవి. వంటగది మనందరిదీ. 08:00 నుంచి 21:00 వరకు వాడుకోవచ్చు. ఫ్రిజ్‌లో పై అర మీది.
>
> మేము 23:00కి గేటు లోపలి నుంచి గడియ వేస్తాం. అంతకంటే ఆలస్యమైతే 21:00 లోపు మెసేజ్ పెట్టండి. మేము తెరిచి ఉంచుతాం.
>
> 22:00 తర్వాత వరండాలో మెల్లగా మాట్లాడండి. పక్క గదిలో మా అమ్మ నిద్రపోతారు. గదిలో మామూలుగా మాట్లాడుకోవచ్చు.
>
> టాయిలెట్‌లో పేపర్ వేయకండి. పైపు మూసుకుపోతుంది. పక్కన మూత ఉన్న డబ్బా ఉంది.
>
> ఏదైనా అవసరమైతే ఇక్కడే మెసేజ్ పెట్టండి. అత్యవసరమైతే మా తలుపు తట్టండి, ఎంత రాత్రైనా పర్వాలేదు.

టాయిలెట్ పేపర్ వాక్యం మీ పైపులకు అవసరమైతేనే ఉంచండి. అవసరమైతే మాత్రం మెసేజ్‌లో ఒక్కటే సరిపోదు, కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా చిన్న చీటీ అంటించండి. హీటర్ స్విచ్, తాళం ఎటు తిప్పాలి లాంటివి కూడా అంతే. ఆ వస్తువు దగ్గరే చీటీ ఉంటే మెసేజ్ సగానికి తగ్గుతుంది.

"అమ్మ నిద్రపోతారు" అన్న మాట చేర్చాక మా వరండా గోల నిజంగానే తగ్గింది. అంతకుముందు "శబ్దం చేయరాదు" అని ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

చెకౌట్: ముందు రోజు సాయంత్రం

చెకౌట్ టైమ్ బుకింగ్‌లో ఉంటుంది గానీ వెళ్లే నాటికి ఎవరికీ గుర్తుండదు. ముందు రోజు ఆరూ ఏడు గంటల మధ్య పంపండి. మరీ రాత్రి పంపితే అప్పటికే సామాను సర్దేసుకుని పడుకుంటారు. చెకౌట్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. 11:00 అంటే ఆ టైమ్‌కు నిద్ర లేవడం అనుకునేవాళ్లు ఉన్నారు. సామానుతో సహా గది ఖాళీ అయి, తాళం మన చేతికి రావడం అని రాయండి.

> రేపు, మార్చి 14, మీ చెకౌట్ 11:00. ఆ సమయానికి సామాను గది బయట ఉండాలి. 11:00కి మేము శుభ్రం చేయడం మొదలుపెడతాం.
>
> సామాను కింద హాల్లో 20:00 వరకు ఉంచవచ్చు. మీరు బయట తిరిగి రావచ్చు.
>
> దుప్పట్లు మడవనవసరం లేదు. ఫ్రిజ్‌లో మీ వస్తువులు తీసుకోండి. మంచం పక్క ప్లగ్‌లో ఛార్జర్ చూసుకోండి.
>
> తాళం చెవి తలుపు లోపలివైపు కొక్కేనికి తగిలించండి. ఫొటో కింద ఉంది.
>
> మీరు ఏ టైమ్‌కు బయలుదేరుతున్నారు? టాక్సీ కావాలా?

ఇక్కడ కూడా అర్ధరాత్రి విమానం చిక్కు వస్తుంది, ఈసారి తలకిందులుగా. విమానం 15వ తేదీ 00:30కి అనుకోండి. ఎయిర్‌పోర్ట్‌కు బయలుదేరాల్సింది 14వ తేదీ సాయంత్రమే. 15న కదా అని 15 ఉదయం వరకు నిశ్చింతగా ఉండి, విమానం పోగొట్టుకున్నవాళ్లను చూశాను. చివరి రెండు ప్రశ్నలు అందుకే. జవాబులో టైమ్ రాగానే టికెట్ తేదీ కూడా ఒకసారి అడగండి.

లేట్ చెకౌట్ అడిగితే, ఆ రోజు గదిలోకి వేరేవాళ్లు వస్తుంటే మెలికలు తిరగకుండా కుదరదనే చెప్పండి, కానీ ఏది కుదురుతుందో వెంటనే చెప్పండి. "గది 11:00కి కావాలి. హాలు, కింద బాత్రూం 20:00 వరకు మీరు వాడుకోవచ్చు." వాళ్లకు నిజానికి కావలసింది చాలాసార్లు గది కాదు, బయలుదేరే ముందు ఒక స్నానం, ఫోన్ ఛార్జింగ్, సామాను పెట్టుకోవడానికి కాస్త చోటు.

తాళం చెవి కొక్కెం ఫొటో మాత్రం మానకండి. "టేబుల్ మీద పెట్టండి" అని రాసినంత కాలం ఏడాదికి ఒక చెవైనా ఎవరి జేబులోనో దేశం దాటిపోయేది.